బోనస్‌గా వచ్చిన ఆ రెండు వందల షేర్లు ఎవరివి?

"నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాను. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మదనపల్లెలో ఉండే మా అమ్మ దాచుకున్న 2,40,000 రూపాయలు నా చేతికిచ్చి, దేంట్లోనైనా పెట్టమంది. ఒక కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ప్రకటించిందని, వెంటనే కొనమని మా తమ్ముడు పట్టుబట్టాడు. రికార్డు తేదీకి మూడు వారాల ముందు 1,200 చొప్పున 200 షేర్లు నా డీమ్యాట్ ఖాతాలో కొన్నాను. రికార్డు తేదీ రోజు పొద్దున యాప్ తెరిస్తే ధర 604, నష్టం లక్షకు పైగా అని ఎర్రగా చూపించింది. మూడు రాత్రులు నిద్ర లేదు. మళ్ళీ యాప్ తెరిచే ధైర్యం రాలేదు. నాలుగో రోజు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని 200 షేర్లూ 598కి అమ్మేశాను. అమ్మాక చూస్తే ఖాతాలో ఇంకా 200 ఉన్నాయి! తమ్ముడేమో, 'కంపెనీ ఉచితంగా ఇచ్చినవి కదా, సలహా నాది, చెరి సగం తీసుకుందాం. అమ్మిన షేర్ల మీద వచ్చిన నష్టాన్ని రిటర్నులో చూపించి నీ మ్యూచువల్ ఫండ్ లాభం మీద పన్ను తగ్గించుకో' అంటున్నాడు. ఇప్పుడు ఇంకో కంపెనీ 10 రూపాయల షేరును 2 రూపాయలకు విభజిస్తోందట, ఒకటి అయిదవుతుంది కొనమంటున్నాడు. అమ్మ రోజూ ఫోన్ చేసి నా డబ్బు సగమైందా అని అడుగుతోంది. తమ్ముడితో మాటలు ఆగిపోయాయి. ఆ షేర్ల ధర నిన్న మళ్ళీ 604 ఉంది. ఏం చేయమంటారు?"

— పేరు వద్దు, బెంగళూరు

ముందుగా మీ అమ్మగారికి ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పవలసిన లెక్క ఇది. షేర్లు అమ్మగా వచ్చి మీ బ్యాంకులో ఉన్నది 1,19,600 రూపాయలు. ఖాతాలో మిగిలిన 200 షేర్ల విలువ నిన్నటి ధరకు 1,20,800. రెండూ కలిపితే 2,40,400. బ్రోకరేజీ, లావాదేవీ పన్ను వంటి చిన్న ఖర్చులు పక్కన పెడితే ఆవిడ ఇచ్చిన సొమ్ము ఇచ్చినట్టే ఉంది. మీరు మూడు రాత్రులు పడిన బాధకు కారణమైన నష్టం జరగనే లేదు.

మరి యాప్ ఎందుకు అలా చూపించింది? బోనస్ ఎవరెవరికి దక్కాలో కంపెనీ లెక్క తీసే రోజే రికార్డు తేదీ. దానికి ముందు రోజు ముగింపు ధర సుమారు 1,208 అనుకుందాం. ఆనాటి దాకా కొన్నవారికి ఒక్కో షేరుతో పాటు మరొక షేరు పొందే హక్కు కూడా వచ్చేది. మర్నాటి నుంచి కొనేవారికి ఆ హక్కు ఉండదు కాబట్టి, స్టాక్ ఎక్స్చేంజే ముందు రోజు ధరను రెండుతో భాగించి 604ను ఆధారంగా తీసుకుని వ్యాపారం మొదలుపెడుతుంది. అంటే ధర పడలేదు, కొలత మారింది. మీ యాప్ మాత్రం మీరు కొన్న 1,200ను పాత కొలతలోనే ఉంచి, మార్కెట్ ధరను కొత్త కొలతలో తెచ్చి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి తీసివేసింది. బోనస్ షేర్లు ఖాతాలో జమై, సగటు ధర 600గా సరిదిద్దేదాకా ఆ ఎర్ర అంకె అలాగే ఉంటుంది. 2024 అక్టోబర్ నుంచి, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం రికార్డు తేదీ తరువాత రెండో పనిదినానికల్లా బోనస్ షేర్లు అమ్మకానికి సిద్ధంగా ఉండాలి. అంతకు ముందు ఇందుకు ఇంకా ఎక్కువ రోజులు పట్టేది, ఆ రోజుల్లో అయితే మీ నిద్ర మరికొన్ని రాత్రులు పోయేది. 2025 జూన్‌లో బజాజ్ ఫైనాన్స్ విషయంలో ఇంతకంటే పెద్ద భ్రమ కలిగింది. ఆ కంపెనీ షేరు ముఖ విలువను, అంటే మార్కెట్ ధర కాక కంపెనీ పుస్తకాల్లో షేరుకు రాసుకున్న విలువను, 2 రూపాయల నుంచి 1 రూపాయికి విభజించి, ఆ విభజించిన ఒక్కో షేరుకు 4 బోనస్ షేర్లు ఇచ్చింది. ఒకటి రెండై, ఆ రెండూ కలిసి పది అయ్యాయి. తొమ్మిది వేల పైచిలుకు ఉన్న ధర ఒక్క పొద్దులో తొమ్మిది వందల చిల్లరకు దిగింది, కొందరి యాప్‌లలో తొంభై శాతం నష్టంలా కనబడింది. పది షేర్ల విలువ మాత్రం నిన్నటి ఒక్క షేరు విలువే.

ఇప్పుడు మీ తమ్ముడు 'ఉచితం' అంటున్న ఆ మాట దగ్గర ఆగుదాం, మీ ఇంటి తగాదా అంతా ఆ ఒక్క మాట మీదే ఉంది.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. దానికి పది రూపాయల ముఖ విలువ గల షేర్లు కోటి ఉన్నాయి. అంటే చెల్లించిన మూలధనం 10 కోట్లు. ఇన్నేళ్ళ లాభాల్లో పంచకుండా దాచిన నిల్వలు 290 కోట్లు. వాటాదారుల సొత్తు మొత్తం 300 కోట్లు. ఈ కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ఇవ్వాలంటే కొత్తగా కోటి షేర్లను, పది రూపాయల ముఖ విలువకు, సృష్టించాలి. అందుకు ఎవరూ డబ్బు కట్టడం లేదు గనుక, ఆ 10 కోట్లను నిల్వల ఖాతా నుంచి తీసి మూలధన ఖాతాలో వేస్తుంది. ఇప్పుడు మూలధనం 20 కోట్లు, నిల్వలు 280 కోట్లు, మొత్తం మళ్ళీ 300 కోట్లే. కంపెనీ బ్యాంకు ఖాతా నుంచి ఒక్క రూపాయి బయటికి పోలేదు, లోపలికి రాలేదు. ఫ్యాక్టరీలో ఒక యంత్రం పెరగలేదు. బీరువా పై అరలో ఉన్న కాగితాల కట్టను కింది అరలోకి మార్చి తాళం వేసినట్టు అది. ఆ బీరువా, అందులోని రెండు అరలూ మొదటి నుంచీ వాటాదారులవే. మీరు మీ అమ్మగారి డబ్బుతో 1,200 పెట్టి కొన్నది ఆ రెండు అరల్లోనూ వాటా. బోనస్‌గా వచ్చిన 200 షేర్లు ఆ కొనుగోలుకు బయటి నుంచి కలిసినవి కావు, ఆ కొనుగోలును రెండు ముక్కలుగా చేసి చూపినవి.

మార్కెట్ వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. కోటి షేర్లు 1,200 చొప్పున ఉంటే మార్కెట్ ఆ కంపెనీకి కట్టే ఖరీదు 1,200 కోట్లు. రెండు కోట్ల షేర్లు 600 చొప్పున అయినా 1,200 కోట్లే. ఏడాదికి 60 కోట్ల లాభం వస్తుంటే, షేరుకు 60 రూపాయల లాభం ఇప్పుడు 30 అవుతుంది. ధర కూడా సగమైంది కాబట్టి లాభానికి ఇరవై రెట్ల ధర అనే నిష్పత్తి బోనస్‌కు ముందు ఎంతో తరువాతా అంతే.

ఈ లెక్క ప్రకారం, చెరి సగం అంటే మీ తమ్ముడు అడుగుతున్నది ఉచిత షేర్లలో సగం కాదు, మీ అమ్మగారి అసలులో నాలుగో వంతు. ఆయనకు ఆ ఉద్దేశం ఉందని నేను అనుకోను, ఎందుకంటే యాప్‌లో బోనస్ షేర్ల పక్కన కొన్న ధర సున్నా అని కనబడితే చాలామంది చదువుకున్నవారు కూడా ఇదే పొరపాటు పడతారు. సలహా ఇచ్చినందుకు ఏదైనా ఇవ్వాలనిపిస్తే అది మీ ఇష్టం. కాని అది మీ చేతి డబ్బు నుంచి ఇవ్వండి. అమ్మగారికి చెప్పేటప్పుడు ఇంత లెక్క అక్కర్లేదు. టమాటా మార్కెట్ ఊళ్ళో ఉన్నవారు కదా. ఒక పెద్ద గంపలోని కాయలను రెండు చిన్న గంపల్లో పోసి, గంప రేటు సగమైందని ఎవరైనా ఏడుస్తారా, రెండు గంపలయ్యాయని పండగ చేసుకుంటారా అని అడగండి, ఆవిడ మీకంటే ముందే నవ్వుతారు.

విభజనలో ఈ అరల మార్పు కూడా ఉండదు. అదే కంపెనీ పది రూపాయల షేరును అయిదు రూపాయలకు విభజిస్తే, కోటి షేర్లు రెండు కోట్లవుతాయి. మూలధనం 10 కోట్లు, నిల్వలు 290 కోట్లు, రెండూ ఎక్కడివక్కడే ఉంటాయి. అయిదు వందల నోటును చిల్లర మార్చుకున్నట్టు, ముఖ విలువ ఒక్కటే చిన్నదవుతుంది. అందుకే నిల్వలు బొత్తిగా లేని కంపెనీ కూడా షేరును విభజించగలదు, బోనస్ మాత్రం ఇవ్వలేదు. కంపెనీల చట్టం ప్రకారం బోనస్‌ను పంచదగిన లాభాల నిల్వల నుంచో, షేర్లను ప్రీమియానికి అమ్మినప్పుడు వచ్చిన సొమ్ము నుంచో, షేర్ల విమోచన కోసం పక్కన పెట్టిన నిధి నుంచో మాత్రమే ఇవ్వాలి; భూములు, భవనాల విలువ కాగితం మీద పెంచి చూపగా పుట్టిన నిల్వ పనికిరాదు. పైగా ఒకసారి మూలధనంలోకి వెళ్ళిన సొమ్మును తరువాత డివిడెండుగా పంచే వీలు లేదు. కంపెనీ ఆ వీలును తానే వదులుకుంటోందంటే రాబోయే లాభాల మీద దానికి నమ్మకం ఉందని మార్కెట్ అర్థం చేసుకుంటుంది, ప్రకటన వచ్చిన రోజుల్లో ధర కొంత పెరగడానికి ఇదొక కారణం. ధర చిన్నదైతే కొనేవారు పెరుగుతారనే ఆశ ఇంకొక కారణం. నా అభిప్రాయంలో రెండోది పెద్ద కారణమేమీ కాదు. ఎమ్మారెఫ్ షేరు పది రూపాయల ముఖ విలువతోనే ఉండి లక్ష రూపాయలు దాటింది, కావాలనుకున్నవారు కొంటూనే ఉన్నారు. ఏమైనా ఆ పెరుగుదల ప్రకటన రోజుల్లోనే ధరలో కలిసిపోతుంది. మూడు వారాల తరువాత కొన్నవారు దాన్ని ధర కట్టి కొన్నట్టే.

ఇక పన్ను సంగతి. మీ ఉత్తరంలో నాకు నిజంగా ఆందోళన కలిగించినది ఇదే, ఎందుకంటే ఇక్కడ మీ తమ్ముడి సలహా పాటిస్తే తప్పు రిటర్ను వేసినవారవుతారు.

డీమ్యాట్ ఖాతాలో ముందు వచ్చిన షేరే ముందు పోయినట్టు లెక్కిస్తారు. కాబట్టి నాలుగో రోజు మీరు అమ్మినవి 1,200కు కొన్న అసలు షేర్లు, మిగిలినవి బోనస్ షేర్లు. మామూలుగా బోనస్ షేర్ల కొనుగోలు ఖరీదును చట్టం సున్నాగా తీసుకుంటుంది. అలా చూస్తే అమ్మిన 200 మీద 1,20,400 నష్టం, మిగిలిన 200 ఎప్పుడు అమ్మితే అప్పుడు వచ్చిన మొత్తమంతా లాభం. ఈ ఏర్పాటును ఆసరా చేసుకుని, బోనస్‌కు కొంచెం ముందు షేర్లు కొని, ధర సగమవగానే అసలు షేర్లు అమ్మి, ఆ కాగితపు నష్టంతో వేరే లాభాల మీద పన్ను ఎగ్గొట్టే అలవాటు ఒకప్పుడు బాగా ఉండేది. మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు దీన్ని ముందే ఆపారు, 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి షేర్లకూ ఆపారు. రికార్డు తేదీకి ముందు మూడు నెలల లోపు కొని, ఆ తేదీ తరువాత తొమ్మిది నెలల లోపు, బోనస్ షేర్లు చేతిలో ఉండగా అసలు షేర్లు అమ్మితే, ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. మీరు మూడు వారాల ముందు కొన్నారు, నాలుగో రోజు అమ్మారు, 200 బోనస్ షేర్లు అప్పటికే ఖాతాలో ఉన్నాయి. మీకు ఏ దురుద్దేశమూ లేదని నాకు తెలుసు, కాని ఈ నిబంధన ఉద్దేశాన్ని అడగదు, తేదీలను మాత్రమే చూస్తుంది.

అయితే ఆ నష్టం గాలిలో కలిసిపోదు. దాన్ని మిగిలిన బోనస్ షేర్ల ఖరీదుగా భావిస్తారు. 1,20,400ను 200తో భాగిస్తే షేరుకు 602. నిన్నటి 604కు అమ్మితే మీ లాభం మొత్తం 400 రూపాయలు. గమనించారా, మొదటి పేరాలో మనం చేతి వేళ్ళ మీద వేసిన లెక్కా ఇదే, 2,40,400లోంచి 2,40,000 పోతే 400. ఈ ఒక్క సందర్భంలో పన్ను చట్టమూ మామూలు కూడికలూ ఒక్క మాట మీద ఉన్నాయి. బ్రోకర్ పంపే లాభనష్టాల పట్టికలో మాత్రం 1,20,400 నష్టంగానూ, బోనస్ ఖరీదు సున్నాగానూ కనబడే అవకాశం ఎక్కువ, ఆ యంత్రం రికార్డు తేదీని మీ కొనుగోలు తేదీతో పోల్చి చూడదు. ఆ పట్టికను అలాగే ఆడిటర్‌కు పంపకుండా, కొన్న తేదీ, రికార్డు తేదీ, అమ్మిన తేదీ మూడూ ఒక కాగితం మీద రాసి జత చేయండి.

మిగిలిన 200 షేర్ల విషయంలో మీ ముందు మూడు దారులు ఉన్నాయి. ఇప్పుడే అమ్మేసి మొత్తం అమ్మగారి ఖాతాకు పంపవచ్చు. పన్ను నామమాత్రం, ఆవిడ మనసు కుదుటపడుతుంది, కంపెనీ బాగా నడిస్తే తరువాతి పెరుగుదల మాత్రం మీకు ఉండదు. ఉంచుకోవచ్చు, అప్పుడు పన్నెండు నెలల గడువును మీరు మొదట కొన్న రోజు నుంచి కాక బోనస్ షేర్లు కేటాయించిన రోజు నుంచి లెక్కించాలి. అది దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద, ఏడాదికి లక్షా ఇరవై అయిదు వేలు పోగా, 12.5 శాతం, దాటక ముందు అమ్మితే 20 శాతం. మూడోది, ఆ కంపెనీ మీద మొదట ఉన్న నమ్మకం ఇప్పటికీ ఉంటే, బ్యాంకులో ఉన్న 1,19,600తో 604 దగ్గర మళ్ళీ దాదాపు 198 షేర్లు కొని, అమ్మకానికి ముందు ఉన్న చోటికే రావచ్చు. ఇది చేసే ముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే, బోనస్ ఊసే లేకుండా ఈ కంపెనీ షేరును 604కు కొంటారా? అవునంటే కొనండి. ఆ ప్రశ్నకు మీ దగ్గర సమాధానం లేకపోతే మొదటి దారి మేలని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే ఈ డబ్బు మీది కాదు, మూడు రోజుల ఎర్ర అంకెను తట్టుకోవడం మీకు కష్టమైందని మీరే రాశారు.

ఆ రెండో కంపెనీ సంగతికి వస్తే, పది రూపాయల షేరు రెండు రూపాయలకు విభజన అంటే 100 షేర్లు 500 అవుతాయి, ధర అయిదో వంతవుతుంది. ఇక్కడ మాటల్లో ఒక చిక్కు ఉంది. బోనస్‌ను 5:1, 1:1 అని రాసేటప్పుడు మొదటి అంకె కొత్తగా వచ్చేవాటిది, కాబట్టి 5:1 బోనస్ అంటే ఒక్కో షేరుకు అయిదు కొత్తవి వచ్చి 100 షేర్లు 600 అవుతాయి. విభజనలో ఒకటి అయిదవుతుందంటే పాతది కూడా ఆ అయిదులోనే ఉంది. ఫోన్‌లో వచ్చే సందేశాలు ఈ రెంటినీ కలగలిపి రాస్తుంటాయి, అందుకని ఎక్స్చేంజీకి కంపెనీ పంపిన ప్రకటనలో ముఖ విలువ మారుతోందో లేదో చూడండి. ముఖ విలువ మారితే విభజన, మారకపోతే బోనస్.

విభజన తరువాత పన్ను విషయంలో మీకు తలనొప్పి తక్కువ. 1,000కి కొన్న షేరు అయిదైతే ఒక్కోదాని ఖరీదు 200, కొన్న తేదీ పాతదే, సున్నా ఖరీదు సమస్య లేదు. కాని ముఖ విలువ మారినందువల్ల షేరు గుర్తింపు సంఖ్య కూడా మారుతుంది. పాత సంఖ్య కింద ఉన్నవి ఖాతా నుంచి తీసి కొత్త సంఖ్య కింద జమ చేస్తారు. ఆ మధ్యలో ఒకటి రెండు రోజులు యాప్‌లో 100 షేర్లు అయిదో వంతు ధరకు కనబడి, ఎనభై శాతం నష్టం అని చూపవచ్చు. ఫలానా ధరకు పడితే అమ్మేయమని ముందే పెట్టి ఉంచిన ఆర్డర్లు ఏవైనా ఉంటే రికార్డు తేదీకి ముందే తీసేయండి, కొందరు బ్రోకర్లు వాటిని తామే రద్దు చేస్తారు గాని దాని మీద ఆధారపడకండి. ఆ రెండు రోజులూ ధర చూడకుండా, డీమ్యాట్ షేర్లను భద్రపరిచే సంస్థలైన సీడీఎస్ఎల్ లేదా ఎన్ఎస్‌డీఎల్ నుంచి వచ్చే సందేశంలో షేర్ల సంఖ్య చూడండి.

డివిడెండు కోసం కొంటున్నవారైతే ఇంకొక్క విషయం అడిగి తెలుసుకోవాలి. డివిడెండును ముఖ విలువ మీద శాతంగా చెప్పే ఆనవాయితీ ఇంకా ఉంది. పది రూపాయల షేరు మీద 100 శాతం అంటే 10 రూపాయలు. విభజన తరువాత రెండు రూపాయల షేరు మీద అదే 100 శాతం 2 రూపాయలు, అయిదు షేర్లకు కలిపి మళ్ళీ 10. బోనస్ తరువాత మాత్రం ముఖ విలువ పదిగానే ఉంటుంది కాబట్టి, కంపెనీ అదే శాతం కొనసాగిస్తే మీ చేతికి వచ్చే డివిడెండు రెట్టింపవుతుంది. బోనస్ వల్ల వాటాదారుడికి ఏదైనా నిజంగా దక్కిందా లేదా అన్నది మరుసటి ఏడాది డివిడెండు ప్రకటన చూస్తేనే తెలుస్తుంది. చాలా కంపెనీలు శాతాన్ని తగ్గించుకుంటాయి, తగ్గించకుండా ఉంచిందంటే కంపెనీ లాభాలు నిజంగా పెరిగి ఉండవచ్చు. మీ తమ్ముడితో మాట కలపడానికి ఇదొక మంచి సాకు: ఆ రెండో కంపెనీ గడిచిన మూడేళ్ళలో షేరుకు ఎంత లాభం సంపాదించింది, ఎంత డివిడెండు ఇచ్చింది అని ఆయన్నే వెతికి చెప్పమనండి, వచ్చిన అంకెలన్నిటినీ అయిదుతో భాగించి, కొత్త ధర పక్కన పెట్టి, ఇద్దరూ కలిసి చూడండి.